కంపెనీ ఆనందం అలా ఉంచి, కంట్రోలర్ సంగతి చెప్పండి

కొత్త వస్తువు మార్కెట్లోకి వస్తున్నప్పుడు కంపెనీ ఇంగ్లిష్‌లో రాయించుకున్న ప్రెస్‌నోట్‌ను తెలుగు చేయడమంటే, వాక్యం పక్కన వాక్యం పెట్టుకుంటూ పోవడమే అనుకునేవాళ్లు ఎక్కువ. అలా తయారైన నోటు భీమవరంలోనో అమలాపురంలోనో జిల్లా పేజీ చూసే సబ్‌ఎడిటర్ చేతిలో పడితే రెండే జరుగుతాయి. చదవలేక పక్కన పడేస్తారు, లేదంటే తమకు అర్థమైనంతలో తిరగరాస్తారు. పక్కన పడేస్తే పోయేది ఒక్కరోజు ప్రచారం. తిరగరాస్తే మాత్రం కంపెనీ అనని మాటలు కంపెనీ పేరుతో అచ్చవుతాయి. ‘30 శాతం వరకు’ అన్నది ‘30 శాతం’ అవుతుంది, ‘అంచనా’ అన్నది ‘హామీ’ అవుతుంది. మర్నాడు డీలరు కొట్టుకి వచ్చిన రైతు పేపరు చేత్తో పట్టుకుని అడుగుతాడు.

అందుకే నా వాదన ఇది. ప్రెస్‌నోట్ అనువాదంలో కష్టమంతా సాంకేతిక పదాల దగ్గర లేదు. హెడ్డింగ్‌లో దేన్ని ముందు పెట్టాలి, ఎవరు ఏమన్నారన్నది తెలుగు వాక్యంలో ఎలా కూర్చోబెట్టాలి అన్న రెంటి దగ్గరే ఉంది. గోదావరి డెల్టాలో ఎవరికైనా తెలిసే వస్తువునే ఉదాహరణగా తీసుకుందాం. వెనామీ రొయ్యల చెరువుల కోసం ఒక కంపెనీ కంట్రోలర్ తెచ్చిందనుకోండి. కంపెనీ పేరు మనకి అక్కర్లేదు, ఫలానా అందాం. నీళ్లలో సెన్సర్ ఉంటుంది, గట్టు మీద పెట్టె ఉంటుంది. డీవో, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, పెట్టిన హద్దు కంటే తగ్గితే నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు ఆన్ అవుతాయి, రైతు ఫోన్‌కి కబురు వెళ్తుంది.

ఇంగ్లిష్ నోటు హెడ్డింగ్ ఇలాంటివన్నీ ఉండే తీరులోనే ఉంటుంది: ‘ఫలానా అన్‌వీల్స్ నెక్స్ట్ జనరేషన్ స్మార్ట్ ఏరియేషన్ సొల్యూషన్ టు ఎంపవర్ ఆక్వా ఫార్మర్స్’. దీన్ని మాటకి మాట పెడితే వచ్చేది: ‘ఆక్వా రైతులకు సాధికారత కల్పించేందుకు తదుపరి తరం స్మార్ట్ వాయుప్రసరణ పరిష్కారాన్ని ఆవిష్కరించిన ఫలానా’. ఉండి, ఆకివీడు వైపు రైతు ఎవరైనా దీన్ని చదివి ఇది తన చెరువు గురించేనని పోల్చుకోగలరా? వాయుప్రసరణ అన్న మాట గట్టు మీద ఎవరి నోటా రాదు, ఏరియేటర్ అంటారు. పరిష్కారం అంటే ఇక్కడ తగువు తీర్చడం. ఆవిష్కరించడం అంటే విగ్రహం మీద గుడ్డ తీయడమో, పుస్తకం విడుదల చేయడమో. పైగా ‘ఆవిష్కరణ’ని ఇప్పుడు కొత్తగా కనిపెట్టడం అన్న అర్థంలోనూ వాడుతున్నారు కాబట్టి, ఆక్సిజన్ సెన్సర్‌ను ఈ కంపెనీయే కనిపెట్టిందన్న అనవసరపు గొప్ప కూడా వచ్చి పడుతుంది. వస్తువు అమ్మకానికి వచ్చిందన్న సంగతికి తెలుగు పేపర్లలో ‘మార్కెట్లోకి’ అన్న ఒక్క మాట చాలు, దాని వెనక క్రియ కూడా అక్కర్లేదు.

పదాలను మించిన దోషం ఆ హెడ్డింగ్ నిర్మాణంలో ఉంది. ‘ఫలానాను ఆవిష్కరించిన ఫలానా’ అన్న కూర్పు ఇప్పుడు వెబ్‌సైట్లలో ఎక్కడ చూసినా కనిపిస్తోంది. ఇంగ్లిష్‌లో కర్త ముందు, కర్మ వెనక ఉంటుంది కాబట్టి, దాన్ని తిరగేసి కర్తను చివర తగిలిస్తున్నారు. అలా చేస్తే వాక్యం బరువంతా చివరి మాట మీద, అంటే కంపెనీ పేరు మీద పడుతుంది. కంపెనీవాళ్లకి అది బాగానే ఉంటుంది. చదివేవాడికి కావాల్సింది మాత్రం ఆ వస్తువు ఏం చేస్తుందన్నది. కాబట్టి కంపెనీ పేరును మొదటి వాక్యానికి వదిలేసి, హెడ్డింగ్‌లో పని చెప్పాలి:

ఆక్సిజన్ తగ్గితే ఏరియేటర్లు వాటంతటవే ఆన్

దాని కింద చిన్న అక్షరాల్లో: ‘పాత మోటార్లకే తగిలించుకునే కంట్రోలర్.. ధర రూ.85,000’.

పై లైన్లో ఐదే మాటలున్నాయి. రెండు కాలమ్‌ల వెడల్పులో రెండు వరసల్లో కూర్చుంటుంది. ‘తగ్గితే’ అన్న షరతు దాన్ని నడిపిస్తుంది, తెలుగు హెడ్డింగ్‌లకి ఈ ‘-తే’ బాగా అలవాటైన మెలిక. కింది లైన్లో రైతు వెంటనే అడిగే రెండు ప్రశ్నలకి జవాబుంది: ఉన్న ఏరియేటర్లు పారేయాలా, ఎంతవుతుంది. కంపెనీ పేరు కచ్చితంగా ఉండాలని పట్టుబడితే కింది లైన్లో ‘ఫలానా కంట్రోలర్’ అనొచ్చు. పై లైన్లోకి మాత్రం రానివ్వకూడదు. అక్కడ పెడితే డెస్కులో ముందు కొట్టేసేది దాన్నే, కొట్టేశాక మిగిలిన ముక్క ఎలా ఉంటుందో మన చేతుల్లో ఉండదు.

ఇక కొటేషన్లు. ఇంగ్లిష్ నోటులో మేనేజింగ్ డైరెక్టర్ మాటలు రెండు ముక్కలుగా ఉంటాయి. మొదటి ముక్క ‘వియ్ ఆర్ థ్రిల్డ్’తో మొదలవుతుంది, మధ్యలో పేరు, హోదా వస్తాయి, తర్వాత అసలు సంగతి ఉంటుంది: రోజంతా తిప్పే పద్ధతితో పోలిస్తే కరెంటు 30 శాతం వరకు ఆదా, రెండు పంటల్లో పెట్టుబడి తిరిగొస్తుందని అంచనా. ఇలా కోట్‌ని మధ్యలో విరిచి పేరు పెట్టడం ఇంగ్లిష్ అలవాటు. తెలుగులో ‘అని’ వచ్చాకే ‘చెప్పారు’ రావాలి, కాబట్టి విరిస్తే రెండో ముక్క గాల్లో తేలుతుంది, అది ఎవరి మాటో తెలియదు. పోనీ పేరును వాక్యం మొదట్లో పెట్టి, కోట్ మొత్తం నడిపి, చివర ‘అన్నారు’ అంటే, కర్తకీ క్రియకీ మధ్య ముప్పై మాటలు పడి చదివేవాడు దారి తప్పుతాడు. పేరు, హోదా ‘చెప్పారు’కి ముందు, దానికి ఆనుకుని ఉండాలి. హోదా ముందు, పేరు తర్వాత. ఆ తర్వాతి వాక్యాలకి పేరు మళ్లీ అక్కర్లేదు, ‘తగ్గుతుందన్నారు’, ‘సరిపోతుందని వివరించారు’ అని నడిచిపోతాయి.

థ్రిల్డ్ ముక్కని ఏం చేయాలి? నేనైతే తీసేస్తాను. ‘ఈ విప్లవాత్మక ఉత్పత్తిని కష్టజీవులైన గోదావరి డెల్టా రైతులకు అందిస్తున్నందుకు మేము పులకించిపోతున్నాము’ అని రాస్తే ఆయన్ని నవ్వులపాలు చేసినట్టే. తీయడానికి కంపెనీ ఒప్పుకోకపోతే ‘సంతోషంగా ఉందన్నారు’ అని ఒక్క ముక్కలో చెప్పి, నోటు చివరికి తోసేయొచ్చు. డెస్కులో కత్తెర కింది నుంచే మొదలవుతుంది.

రెండో ముక్క దగ్గరే జాగ్రత్త కావాలి. ‘వియ్ ఎక్స్‌పెక్ట్ ఫార్మర్స్ టు రికవర్ దెయిర్ ఇన్వెస్ట్‌మెంట్ ఇన్ టూ క్రాప్స్’ అని ఉందనుకోండి. చాలామంది దీన్ని ఇలా రాస్తారు: ‘“రైతులు రెండు పంటలలో తమ పెట్టుబడిని తిరిగి పొందుతారని మేము ఆశిస్తున్నాము” అని ఆయన అన్నారు’. ఇందులో ‘ఆశిస్తున్నాము’ తప్పు, ఆయన చెప్పింది లెక్క వేసిన అంచనా. దీన్నే పరోక్షంలోకి మార్చబోయి కొందరు ‘వారు అంచనా వేస్తున్నారని చెప్పారు’ అని రాస్తారు. ఇంగ్లిష్‌లో ‘వియ్’ కాస్తా ‘దే’ అవుతుంది కదా అని. తెలుగులో అలా రాస్తే అంచనా వేసింది ఇంకెవరో అయిపోతారు. మన భాషలో పరోక్షంగా చెప్పినా క్రియ ఆ మనిషి నోట ఉన్నట్టే ఉంటుంది: ‘తాము అంచనా వేస్తున్నామని చెప్పారు’. ‘తాను వస్తానన్నాడు’ అని రోజూ అనేవాళ్లం, కంప్యూటర్ ముందు కూర్చోగానే ‘అతను వస్తాడని అన్నాడు’ అని రాస్తాం. కాలం కూడా అంతే. ఇంగ్లిష్‌లో ‘వుడ్ రెడ్యూస్’ అని ఉన్నా తెలుగులో ‘తగ్గుతుందని చెప్పారు’ అనే ఉండాలి, జరగబోయేదాన్ని వెనక్కి లాగకూడదు.

‘తమ’ ఇంకో చిక్కు. ‘తమ పెట్టుబడి రెండు పంటల్లో తిరిగొస్తుందని తాము అంచనా వేస్తున్నామని చెప్పారు’ అంటే ఎవరి పెట్టుబడి? వ్యాకరణం ప్రకారం కంపెనీదే. రైతుల డబ్బుతో కంపెనీ తన పెట్టుబడి రాబట్టుకుంటోందని చదువుకోవచ్చు. ఒకే వాక్యంలో ఇద్దరికీ ‘తమ’ వాడకుండా, ఒకరిని పేరు పెట్టి పిలవాలి: ‘రైతు పెట్టిన డబ్బు రెండు పంటల్లో తిరిగొస్తుందని అంచనా వేస్తున్నామని చెప్పారు’. ఇంగ్లిష్ ‘వియ్’ మీటింగులో రైతులను కలుపుకుని అన్న మాటైతే అది ‘మనం’, కంపెనీ తరఫున అన్నదైతే ‘మేము’. ఇంగ్లిష్ నోటులో ఈ తేడా కనిపించదు. తెలియకపోతే నోటు పంపినవాళ్లని అడగాలి. నోటుకి ‘మనం’ అంటగడితే, బయట నుంచి వచ్చిన కంపెనీ పెద్దమనిషి ఉన్నట్టుండి చెరువు రైతు అయిపోతాడు.

‘అన్నారు’కి బదులు వాడే క్రియల గురించి కూడా చెప్పాలి. ఒకే మాట పదిసార్లు వస్తే బాగుండదని మార్చుతుంటారు. ఒకచోట ‘వెల్లడించారు’, ఇంకోచోట ‘స్పష్టం చేశారు’, మరోచోట ‘హామీ ఇచ్చారు’. ఇవి మారుపేర్లు కావు. ఇంతదాకా బయటికి రాని సంగతైతేనే వెల్లడించడం. ఎవరో అనుమానపడితేనే స్పష్టం చేయడం. హామీ అన్నామంటే రేపు డబ్బు తిరిగిమ్మని అడగడానికి దారి వేసినట్టే. ప్రెస్‌నోట్‌లో అన్నారు, చెప్పారు, వివరించారు అన్న మూడింటితో నడిపేయొచ్చు. మనిషికైతే ‘అన్నారు’, కంపెనీకైతే ‘తెచ్చింది’, ‘ప్రకటించింది’. ‘కంపెనీ ప్రకటించారు’ అని గౌరవం ఇవ్వబోతే వాక్యం కుంటుతుంది. ‘గారు’ కూడా ఆహ్వానపత్రికలో ఉంచుకోవాలి. వార్తలో ఎవరికీ ‘గారు’ ఉండదు, పెట్టి పంపినా డెస్కులో తీసేస్తారు. కంపెనీవాళ్లు నొచ్చుకోకుండా ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మేలు.

ఇప్పుడు ఆ ‘రెండు పంటలు’ దగ్గరికి మళ్లీ వద్దాం, ఎందుకంటే దాన్ని తెలుగు చేసేముందు నిజంగా అంతేనా అని కాగితం మీద వేసి చూడాలి. నోటు ప్రకారం ఒక్కో కంట్రోలర్‌కి 2 హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగు. ఎనిమిది హెచ్‌పీ అంటే సుమారు 6 కిలోవాట్లు, గంటకి ఆరు యూనిట్లు. రోజంతా తిప్పితే 144 యూనిట్లు, అందులో 30 శాతం సుమారు 43 యూనిట్లు. యూనిట్ రూపాయిన్నర పడే చెరువైతే రోజుకి మిగిలేది 65 రూపాయల లోపు. పంట 110 రోజులనుకుంటే రెండు పంటలకీ కలిపి 14 వేలు. యూనిట్ నాలుగు రూపాయలైనా 38 వేలు దాటదు. పెట్టె ధర 85 వేలు. కరెంటు ఆదా ఒక్కదానితో రెండు పంటల్లో డబ్బు తిరిగిరాదని తెలుస్తూనే ఉంది. చచ్చే రొయ్యలు బతకడం వల్ల మిగిలే డబ్బు కూడా కంపెనీ కలిపి ఉండొచ్చు. కలిపితే ఆ మాట వాక్యంలో ఉండాలి. అనువాదకుడు ఆ లెక్కని తనంతట తాను దిద్దకూడదు, అలాగని కళ్లు మూసుకుని తెలుగు చేయనూకూడదు. ‘ఈ రెండు పంటల అంచనాలో ఏమేం కలిపారు, యూనిట్ ధర ఎంత వేశారు’ అని ఒక ప్రశ్న రాసి వెనక్కి పంపాలి. జవాబు రాకపోతే ఆ వాక్యం తీసేయమని సలహా ఇవ్వాలి. లెక్కలు చేయగలిగిన రైతులున్న చోట దీన్ని అచ్చేస్తే పరువు పోయేది కంపెనీదే.

‘అన్‌ఇంటరప్టెడ్ ఆక్సిజన్’ అన్నది ఇలాంటిదే. ‘నిరంతరాయంగా ఆక్సిజన్’ అని అందంగా రాసేయొచ్చు. చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున. రాత్రంతా నాచు, పాచి, రొయ్యలు అన్నీ ఆక్సిజన్ వాడుకుంటాయి, ఎండ లేక కొత్తగా తయారు కాదు. సరిగ్గా ఆ వేళ కరెంటు పోతే కంట్రోలర్ ఏం చేస్తుంది? పెట్టెలో బ్యాటరీ ఉంటే ఫోన్‌కి కబురు పంపగలదేమో గానీ మోటార్లు తిప్పలేదు. జనరేటర్ ఎవరు పెట్టుకోవాలి, సెన్సర్ మీద పాచి పడితే ఎన్నాళ్లకోసారి తుడవాలి అన్నవి నోటులో లేకపోతే అడిగి తెలుసుకుని, కంపెనీ ఒప్పుకుంటేనే చేర్చాలి. ‘నిరంతరాయంగా’ మాత్రం తీసేయమనాలి.

కొలతలు మార్చడంలో పెద్ద కష్టం లేదు, మర్చిపోవడమే ఇబ్బంది. 0.8 హెక్టార్లు అంటే రెండెకరాలు. లీటరుకి 4 మిల్లీగ్రాములు అన్నది గట్టు మీద ‘డీవో 4 పీపీఎం’. కిలోవాట్ అవర్ అంటే యూనిట్. మిలియన్ పది లక్షలు, ‘హాఫ్ ఎ మిలియన్’ ఐదు లక్షలు. శాతం గుర్తు వేయకుండా ‘శాతం’ అని రాయాలి, ‘అప్ టు’ ఉన్న ప్రతిచోటా ‘వరకు’ ఉందో లేదో చివర్లో ఒక్కసారి వెతకాలి.

ఇంక మిగిలింది రైతు కోట్, నా దృష్టిలో మొత్తం నోటులో ఎక్కువ పాడయ్యేది అదే. కంపెనీ ముందుగా కొన్ని చెరువుల్లో కంట్రోలర్ పెట్టి చూస్తుంది. అక్కడి రైతు ఎవరో తెలుగులో నాలుగు మాటలు చెబుతారు. హైదరాబాద్‌లోనో ముంబైలోనో ఏజెన్సీ దాన్ని ఇంగ్లిష్ చేస్తుంది: ‘దిస్ హాజ్ బీన్ ఎ గేమ్ ఛేంజర్ ఫర్ మై ఫ్యామిలీస్ లైవ్లీహుడ్’. అది మళ్లీ మన దగ్గరికి వచ్చి ‘ఇది నా కుటుంబ జీవనోపాధికి గేమ్ ఛేంజర్‌గా మారింది’ అవుతుంది. గణపవరం రైతు నోట ఆ వాక్యం వినగలమా? తెలుగులో అన్న మాటని తెలుగులోకి అనువదించడం ఏమిటసలు? ఏజెన్సీ దగ్గర రికార్డింగు ఉంటుంది, వీడియో ముక్కో వాట్సాప్ వాయిసో. దాన్ని తెప్పించుకుని అందులోంచి ఒక వాక్యం ఎత్తి రాయాలి. రికార్డింగు లేదంటే కంపెనీ ద్వారా ఆ రైతుకే ఫోన్ చేసి, మీరేం చెప్పారండీ అని అడగాలి. రెండూ కుదరకపోతే కొటేషన్ గుర్తులు తీసేసి ‘తమ చెరువులో వాడి చూశామని, బాగా ఉపయోగపడుతోందని రైతు ఒకరు చెప్పారు’ అని పరోక్షంగా వదిలేయాలి. ‘రాత్రుళ్లు గట్టు మీద కాపలా తప్పింది’ లాంటి చక్కటి వాక్యం మనకి తోచొచ్చు. ఎంత సహజంగా ఉన్నా, ఆయన అననిది గుర్తుల మధ్య పెట్టే హక్కు మనకి లేదు. మేనేజింగ్ డైరెక్టర్‌కీ అదే నియమం. ఆయన ఇంగ్లిష్‌లో అన్న మాటని తెలుగులో గుర్తుల మధ్య పెడితే ఆ తెలుగు మనది, కాబట్టి ఆ వాక్యానికి కంపెనీ చేత సరే అనిపించుకోవాలి. పరోక్షంలో ఉంటే ఆ పేచీ తక్కువ.

రికార్డింగులోంచి ఎత్తేటప్పుడు ఒక సంగతి. మనవైపు మాటల్లో ‘అండి’, ‘ఆయ్’ దండిగా ఉంటాయి. వాటిని అలాగే ఉంచితే సహజంగా ఉంటుందని కొందరంటారు. నేను ఒప్పుకోను. పక్కన డైరెక్టర్ మాటలు శుభ్రంగా దిద్ది, రైతు మాటల్లో మాత్రం ‘ఆయ్’ ఉంచితే సినిమాల్లో గోదావరి పాత్రని చూసినట్టు చదువుతారు. మాటల వరస ఆయనది ఉంచి, ఊతపదాలు తీసేస్తే చాలు. ‘అన్నాడు’ కాదు, ఆయనకీ ‘అన్నారు’.

ఇవన్నీ కుదిరాక నోటు ఇలా ఉంటుంది. కంపెనీ అడిగినవాటికి జవాబిచ్చిందనీ, రెండు పంటల మాట వెనక్కి తీసుకుందనీ అనుకుందాం.

‘భీమవరం: రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గినప్పుడు ఏరియేటర్లను దానంతటదే ఆన్ చేసే కంట్రోలర్‌ను ఫలానా కంపెనీ మార్కెట్లోకి తెచ్చింది. నీటిలో ఉంచే సెన్సర్ డీవోను కొలుస్తుందని, అది 4 పీపీఎం కంటే తగ్గగానే మోటార్లు ఆన్ అయి రైతు ఫోన్‌కు సమాచారం వెళ్తుందని కంపెనీ మేనేజింగ్ డైరెక్టర్ ఫలానా చెప్పారు. ఒక్కో కంట్రోలర్‌కు 2 హెచ్‌పీ ఏరియేటర్లు నాలుగింటిని కలపవచ్చని, రెండెకరాల వరకు ఉన్న చెరువుకు ఒకటి సరిపోతుందని వివరించారు. రోజంతా తిప్పే పద్ధతితో పోలిస్తే కరెంటు వాడకం 30 శాతం వరకు తగ్గుతుందన్నారు. కరెంటు పోతే ఫోన్‌కు సమాచారం వస్తుందని, మోటార్లు తిరగాలంటే జనరేటర్ ఉండాలని చెప్పారు. ధర రూ.85,000.’

రైతు మాట దొరికితే దీని మధ్యలో ఇరికించకుండా, ఫొటోతో విడిగా పంపాలి. జిల్లా పేజీలో అది చిన్న బాక్సుగా పడుతుంది. కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు చెప్పే చివరి పేరాని ఒక్క వాక్యానికి కుదించి అడుగున పెట్టాలి. నోటును ఫొటోగానో, అను ఫాంట్లలో కొట్టి పీడీఎఫ్‌గానో పంపితే డెస్కులో మళ్లీ టైపు చేసుకోవాల్సి వస్తుంది, ‘వరకు’ లాంటివి జారిపోయేది అక్కడే. యూనికోడ్‌లో, మెయిల్ లోపలే అతికించి పంపాలి. కింద ఫోన్ ఎత్తే మనిషి నంబరు ఒకటి ఉండాలి, డెస్కులో అనుమానం వచ్చేది పేజీ కట్టే రాత్రివేళే.